పిల్లల చేతిగీతలు ఎందుకు మారుతుంటాయి? పసిచేతికి చెప్పిన జోస్యాన్ని ఎలా చూడాలి?

మా అమ్మాయికి మూడేళ్లు నిండిన నెలలో మా అత్తగారి ఊరి జాతరకు వెళ్లాం. గుడి వెనక చింతచెట్టు కింద చాప పరుచుకుని కూర్చున్న ఒక పెద్దాయన అందరి చేతులూ చూస్తున్నాడు. అత్తయ్య ముచ్చటపడి మనవరాలి చెయ్యి ముందుకు చాపించింది. ఆయన ఆ చిన్న అరచేతిని వెలుతురుకు తిప్పి, బొటనవేలి చుట్టూ తిరిగే గీత మీద గోటితో ఒకచోట ఆపి, "ఆయుష్షు రేఖ ఇక్కడ తెగింది తల్లీ, పన్నెండో ఏట గండముంది" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఆరేళ్లు ఉండిపోయింది. చెరువు గట్టుకు పంపొద్దనీ, సైకిలు కొనిపెట్టొద్దనీ, జ్వరం వస్తే మరీ కంగారనీ అది ఎన్ని రూపాలెత్తిందో చెప్పలేను.

ఆ సాయంత్రమే నేను చిన్నదాని అరచేతికి స్టాంపు ప్యాడ్ సిరా పూసి తెల్లకాగితం మీద ముద్ర తీశాను. ఆరో ఏట ఒకసారి, తొమ్మిదో ఏట ఒకసారి మళ్లీ తీశాను. మూడు కాగితాలనూ పక్కపక్కన పెడితే మూడు వేర్వేరు చేతుల్లా కనిపిస్తాయి. నిజంగా మారింది ఎంత, మారినట్టు కనిపించింది ఎంత అన్నది తేల్చుకోవడానికి ముందుగా అరచేతిలో ఉన్న గీతలన్నీ ఒకే జాతివి కావని తెలియాలి.

అరచేతిలో మూడు రకాల గీతలు

చెయ్యి చాపగానే కొట్టొచ్చినట్టు కనిపించే రెండు మూడు పెద్ద గీతలు నిజానికి మడతలు. అరచేతి చర్మం కింద కొవ్వు మెత్తలా పరుచుకుని ఉంటుంది. కానీ కొన్ని చోట్ల చర్మం లోపలి పొరకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, అక్కడ మధ్యలో మెత్త ఉండదు. పిడికిలి బిగించినప్పుడు చర్మం అడ్డదిడ్డంగా ముద్దకాకుండా ఆ అతుకుల దగ్గరే మడత పడుతుంది. కాగితాన్ని ముందే మడిచి ఉంచితే మళ్లీ అక్కడే మడత పడినట్టు. బొటనవేలి మొదలును చుట్టి వచ్చే మడత బొటనవేలు లోపలికి కదలడానికి, పైన అడ్డంగా ఉండే రెండు మడతలు మిగతా నాలుగు వేళ్లు ముడుచుకోవడానికి పనికొస్తాయి. ఇవి తల్లి కడుపులోనే, గర్భం మూడో నెల ముగిసే సరికే ఏర్పడతాయి. మొదట వచ్చేది బొటనవేలి మడతే.

రెండో రకం ఈ పెద్ద మడతల మధ్య అడ్డంగా, నిలువుగా, వలలా అల్లుకునే సన్నగీతలు. వీటిలో కొన్ని పుట్టుకతో ఉంటాయి, చాలావాటికి స్థిరమైన చోటు లేదు. చర్మం ఎంత పొడిబారింది, కింద ఎంత కొవ్వుంది, చెయ్యి ఏ పనులకు అలవాటు పడింది అన్నదాన్ని బట్టి ఇవి తేలుతాయి, మునుగుతాయి. చేతిగీతలు మారుతున్నాయని మనం అనేది ఎక్కువగా వీటి గురించే.

మూడోది, దగ్గరగా పెట్టి చూస్తేనే కనిపించే గరుకు చాళ్లు. దున్నిన పొలంలా ఒకదాని పక్కన ఒకటి సాగే ఈ చాళ్లే వేలికొసల మీద సుడులు తిరిగి వేలిముద్రలవుతాయి. ఇవి గర్భంలో మూడో నెలలో మొదలై ఆరో నెలకల్లా స్థిరపడతాయి. ఆ తరువాత చెయ్యి పెరిగేకొద్దీ చాళ్ల మధ్య దూరం పెరుగుతుందే తప్ప అమరిక మారదు.

ఈ మూడో రకం ఎంత నిలకడైనదో తెలిసింది మన దేశంలోనే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. ఆ తరువాత తన వేలిముద్రలనే దశాబ్దాల తేడాతో తీసి పోల్చి చూసుకున్నాడు. ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ విషయాన్ని మరింత లోతుగా పరిశీలించాడు. ఆయన పోల్చినవాటిలో ఒక బాలుడి ముద్రలున్నాయి. ఒకటి 1877లో రెండున్నరేళ్ల వయసులో తీసినది, రెండోది 1890లో పదిహేనేళ్లప్పటిది. అమరిక అంతా అదే. పసితనంలో రెండుగా చీలి ఉన్న ఒక చాలు మాత్రం పెద్దయ్యాక పూడి కనిపించింది. పదమూడేళ్ల ఎదుగుదల ఆ వేలి మీద మార్చింది అంతే.

ఇంత నిలకడైనవైతే ఆధార్‌లో ఐదేళ్ల లోపు పిల్లల వేలిముద్రలు ఎందుకు తీసుకోరు, ఐదో ఏట ఇచ్చినవాటిని పదిహేనో ఏట మళ్లీ ఎందుకు ఇమ్మంటారు అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. గీత మారిపోతుందని కాదు. పసివేలి మీద చాళ్లు మరీ సన్నగా, దగ్గరగా ఉండి యంత్రానికి సరిగా అందవు. చెయ్యి పెరిగాక కొలతలు మారతాయి. రాత మారకపోయినా అక్షరాలు పెద్దవవుతాయన్నమాట.

పెరిగే చేతిలో ఏం జరుగుతుంది

పుట్టినప్పుడు బిడ్డ చెయ్యి మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఆరున్నర సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. పెద్దయ్యేసరికి దానికి రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. అయితే అన్నివైపులా ఒకే తీరున సాగదు. వేళ్లు పొడవవుతాయి, అరచెయ్యి వెడల్పవుతుంది, బొటనవేలి మొదట్లోని కండ బలపడి ఉబ్బుతుంది. రబ్బరు బుడగ మీద గీత గీసి ఊదినప్పుడు అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగినట్టే, మడతల మధ్య దూరాలూ వంపులూ మారతాయి.

రెండో కారణం కొవ్వు. పాలబుగ్గల వయసులో అరచెయ్యి కూడా బూరెలా ఉబ్బి ఉంటుంది. అందుకే పెద్ద మడతలు లోతుగా, చిన్నగీతలు అసలు లేనట్టుగా కనిపిస్తాయి. బడికి వెళ్లే వయసులో ఆ నిండుదనం తగ్గుతుంది, అదివరకు దాగి ఉన్న సన్నగీతలు బయటపడతాయి. మా అమ్మాయి మూడో ఏటి ముద్రలో పెద్ద మడతలు కాక నేను ఏడు గీతలు లెక్కపెట్టాను. ఆరో ఏటికి అవి ఇరవై దాటాయి. "పిల్లకు అప్పుడే ఇన్ని గీతలా, అంతా ఆలోచనే" అని ఇంటికొచ్చిన ఒక బంధువు అన్నారు. అంతకుముందు వారమే దానికి జ్వరం, నోట్లో పుండ్లు, చేతుల మీద పొక్కులు వచ్చి తగ్గాయి. అలాంటి జ్వరాల తరువాత అరచేతుల మీద చర్మం పొరలుగా ఊడటం మామూలే. కొత్తచర్మం పొడిగా ఉన్నన్నాళ్లూ ప్రతి చిన్న గీతా తేలి కనిపిస్తుంది. నెల తరువాత చూస్తే వాటిలో సగం లేవు.

ఇక చూసే తీరులోనే మరో మోసం ఉంది. చెయ్యి బిగదీసి చాపితే గీతలు వెలిసిపోతాయి, కొంచెం ముడిస్తే ముదురుతాయి. వెలుతురు పక్కనుంచి పడితే నీడ వల్ల గీత లోతుగా కనిపిస్తుంది, ఎదురుగా పడితే మాయమవుతుంది. సిరా ముద్రలో అయితే అరచేతి మధ్య గుంట కాగితానికి తగలదు. నేను తీసిన మొదటి కాగితంలో నడుమ భాగమంతా తెల్లగా మిగిలి, మూడు పెద్ద గీతలూ తెగిపోయినట్టే కనిపించాయి. కాగితం కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టి, చెయ్యి మీద నెమ్మదిగా ఒత్తితే గీతలు పూర్తిగా పడ్డాయి. ఆ తెల్లటి ఖాళీని చూసి ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే ఆ పిల్లకు మూడు గండాలుండేవి.

"తెగిన" గీత కథ

సరిగా పడిన ముద్రలో కూడా జాతరలో ఆయన చూపించిన చోట చిన్న ఖాళీ ఉంది. ఆయన చూసింది అబద్ధం కాదు. చూపుడువేలు వైపు మొదలైన గీత ఆరు మిల్లీమీటర్ల దూరం వచ్చి ఆగింది, దాని పక్కనుంచే మరో గీత మొదలై మణికట్టు వైపు సాగింది. వీటి మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా లేదు. బొటనవేలిని లోపలికి వంచి చూస్తే రెండూ కలిసి ఒకే మడతగా ముడుచుకుంటాయి. చర్మం లోపలి అతుకు ఒక్కటే, పైన దాని అంచు రెండు ముక్కలుగా కనిపిస్తోంది. ఆరో ఏట ఆ ఖాళీలో సన్నటి గీత ఒకటి తేలింది. తొమ్మిదో ఏటి ముద్రలో రెండు ముక్కలూ కలిసిపోయినట్టే ఉంది. గీత అతికిందనడం కంటే, చెయ్యి పెరిగి కొవ్వు తగ్గాక, అదివరకే ఉన్న మడత పూర్తిగా కనబడిందనడం సరైన మాట.

మరి పన్నెండో ఏడు అనే లెక్క ఎక్కడిది? చెయ్యి చూసేవారిలో చాలామంది ఆ గీత పొడవును ఆయుష్షుగా భాగించి, మొదటి నుంచి కొలుస్తారు. మూడో ఏట మా అమ్మాయి గీత 45 మిల్లీమీటర్లు. దాన్ని తొంభై ఏళ్లుగా పంచితే మిల్లీమీటరుకు రెండేళ్లు. ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఖాళీ అంటే పన్నెండో ఏడు. లెక్క ఆయన చెప్పినట్టే వచ్చింది. ఇక్కడితో ఆగితే భయం వేస్తుంది.

కానీ అదే గీతను డెబ్బై ఏళ్లుగా పంచేవారూ ఉన్నారు. అప్పుడు అదే ఖాళీ తొమ్మిదో ఏటికి వస్తుంది. గీత మణికట్టు దగ్గర సన్నబడి ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. తేలికగా ఒత్తిన ముద్రలో అది 36 మిల్లీమీటర్లకే ఆగింది. దాన్ని తొంభైకి పంచితే ఖాళీ పదిహేనో ఏటికి జరుగుతుంది. ఒకే పిల్ల, ఒకే రోజు, ఒకే గీత: తొమ్మిది, పన్నెండు, పదిహేను. అరచేతిలో మిల్లీమీటరు అంటే బాల్‌పెన్ను గీత కంటే కొంచెం మందం. ఆ మందానికే రెండేళ్లు అటూ ఇటూ అవుతున్న కొలతతో ఒక ఏడాదిని వేలు పెట్టి చూపడం ఎవరి వల్లా అయ్యే పని కాదు.

ఇంతకూ ఆయుష్షు రేఖ ఏది?

ఈ ప్రశ్నకు కూడా రెండు జవాబులున్నాయని నాకు తరువాత తెలిసింది. ఇప్పుడు ప్రచారంలో ఉన్న చేతిగీతల పుస్తకాల్లో చాలావరకు పాశ్చాత్య పద్ధతిని అనుసరిస్తాయి. బొటనవేలిని చుట్టే గీత ఆయుష్షుది, నడిమి గీత బుద్ధిది, పై గీత హృదయానిది. మన పాత సాముద్రికంలో మాత్రం ఆయుర్రేఖ అంటే చిటికెన వేలి కింద మొదలై చూపుడువేలి వైపు సాగే పై గీత. అది చూపుడువేలి దాకా చేరితే నిండు నూరేళ్లని చెబుతారు. బొటనవేలి చుట్టూ ఉన్నదాన్ని పితృరేఖ అనీ, నడిమిదాన్ని మాతృరేఖ అనీ అంటారు. అంటే ఒకరు ఆయుష్షు చూసే చోట మరొకరు వంశాన్ని చూస్తారు. మా అమ్మాయి పై గీత ఏ ఖాళీ లేకుండా చూపుడువేలి మొదటి దాకా వెళ్లింది. చింతచెట్టు కింద పాత పద్ధతి తెలిసిన మనిషి కూర్చుని ఉంటే అత్తయ్య ఆ రోజు కొబ్బరికాయ కొట్టి ఇంటికి వచ్చేది.

ఏ చెయ్యి చూడాలన్న దాంట్లోనూ ఏకాభిప్రాయం లేదు. ఆడవారికి ఎడమ, మగవారికి కుడి అని కొందరు, పుట్టుకకు ఎడమ, సొంత కృషికి కుడి అని కొందరు అంటారు.

సాముద్రికం నమ్మేవారి వాదన, వైద్యుల వాదన

చెయ్యి చూడటాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవారి మాట కూడా న్యాయంగా వినాలి. గీతలు మారతాయని వాళ్లు ఎప్పుడూ కాదనలేదు. మనసు, అలవాట్లు, చేసే పని మారితే గీత మారుతుందనీ, అందుకే పసిచేతిని చూసి ఖాయంగా ఏదీ చెప్పకూడదనీ వారిలో చాలామంది అంటారు. పన్నెండేళ్లు నిండేవరకు చెయ్యి చూడనని నాతోనే ఒకరు చెప్పారు. జాతకాలకు కూడా ఇలాంటి హద్దే ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లల ఆయుర్దాయం తెలుసుకోవడం సాధ్యం కాదని చెప్పే శ్లోకం జ్యోతిషులకు బాగా తెలిసిందే. ఇక తెగిన గీత పక్కనుంచి మరో గీత మొదలై సాగితే దోషం పోయినట్టేనన్నది వారి సూత్రాల్లోనే ఉంది. అంటే మా అమ్మాయికి చెప్పిన జోస్యం సాముద్రికం సొంత నియమాల ప్రకారమే మూడు చోట్ల నిలవదు. ఈ సంగతి అత్తయ్యకు వైద్యశాస్త్రం కంటే ఎక్కువ ఊరటనిచ్చింది.

వైద్యుల వైపు నుంచి చూస్తే, గీత పొడవుకూ ఆయుష్షుకూ సంబంధముందా అని కొందరు నిజంగానే కొలిచి చూశారు. 1974లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో సంబంధమేదీ కనబడలేదు. 1990లో బ్రిటన్‌లో వంద మంది మృతుల చేతులు కొలిచినప్పుడు మాత్రం, ఎక్కువ వయసులో పోయినవారికి ఆ గీత పొడవుగా ఉన్నట్టు తేలింది. నమ్మేవారు దీన్ని రుజువుగా చూపిస్తారు. కానీ తొంభై ఏళ్ల చేతిని నలభై ఏళ్ల చేతితో పోలిస్తే ముడతలు ఎక్కువగా, పొడవుగా ఉండటం సహజం. గీత పొడవు వల్ల వయసు పెరిగిందా, వయసు వల్ల గీత పొడవు పెరిగిందా అన్నది చనిపోయాక కొలిస్తే తేలదు. చిన్నప్పుడు కొలిచి, ఆ మనుషులు ఎన్నాళ్లు బతికారో చూడాలి. గీతలు మారతాయన్న మాటను ఇద్దరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి, మూడేళ్ల చేతి కొలత ఆ పనికి కూడా పనికిరాదు.

వైద్యులు నిజంగా చూసేవి

అరచెయ్యి ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదని కాదు. కొందరు పిల్లలకు పైన ఉండాల్సిన రెండు అడ్డమడతలు కలిసిపోయి ఒకే గీతగా ఉంటాయి. పుట్టుకతో వచ్చే జన్యు సమస్య అయిన డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి ఇది ఉంటుంది కాబట్టి, కాన్పు తరువాత ఈ గీత చూసి గుండె జారిపోయే తల్లులున్నారు. కానీ ఏ సమస్యా లేనివారిలో కూడా నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా కనీసం ఒక చేతికి ఈ గీత ఉంటుంది. ఎన్నో ఇళ్లలో తాతకూ తండ్రికీ కూడా ఉంటుంది. కళ్ల తీరు, కండల బిగువు, గుండె చప్పుడు వంటి మిగతా లక్షణాలు లేకుండా ఒక్క గీతను పట్టుకుని ఏ పిల్లల వైద్యుడూ తీర్పు చెప్పడు.

అరచేతుల నిండా సన్నగీతలు ఎప్పుడూ లోతుగా ఉండి, కాళ్ల మీద చర్మం చేప పొలుసులా పొడిబారుతుంటే అది వంశపారంపర్యంగా వచ్చే పొడిచర్మం కావచ్చు. జోస్యంలో "అతిగా ఆలోచించే మనసు" అనిపించుకున్న చేతికి చర్మవైద్యుడి దగ్గర వాసెలీన్ రాయమని సలహా దొరుకుతుంది.

రక్తహీనతను గుర్తుపట్టడానికి కూడా ఆరోగ్య కార్యకర్తలు పసిపిల్లల అరచెయ్యి చూస్తారు. వారు చూసేది గీతను కాదు, రంగును. పాలిపోయిందో లేదో తమ చేతితో, మిగతా పిల్లల చేతులతో పోల్చి చూస్తారు. అప్పుడు వేళ్లను వెనక్కి లాగి పట్టుకోకూడదని వాళ్లకు నేర్పుతారు. అలా లాగితే రక్తం ఆగి, మంచి చెయ్యి కూడా పాలిపోయినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు కొన్ని చోట్ల వేలిముద్రలు తీసి పిల్లల తెలివితేటలు, చదవాల్సిన కోర్సు చెబుతామంటూ రంగుల నివేదికలు ఇస్తున్నారు. చాళ్లు మారవన్నది నిజమే. అంతమాత్రాన వాటిలో లెక్కల మార్కులు దాగి ఉన్నాయనడం వేరే మాట. ఈ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని భారతీయ మానసిక వైద్యుల సంఘం ఇప్పటికే చెప్పింది.

ఆ మాట పిల్ల చెవిన పడినప్పుడు

మేం పెద్దవాళ్లం గుసగుసలాడుకున్నామే కానీ, ఇల్లు చిన్నది. ఐదో ఏట ఒక రాత్రి అన్నం తినిపిస్తుంటే చిన్నదాని కుడి అరచేతిలో నీలం సిరా కనిపించింది. బొటనవేలి గీత దగ్గర, సరిగ్గా ఆ ఖాళీ మీద, బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి గీత గీసుకుంది. సిరా చర్మంలోకి దిగి ఎర్రగా కందింది. ఎందుకమ్మా అంటే, "ఇక్కడ విరిగింది కదా, అతికించాను" అంది. ఎవరు చెప్పారంటే నానమ్మ వైపు చూసింది. అత్తయ్య ముఖం నేను ఎప్పటికీ మరిచిపోలేను. కొబ్బరినూనె తెచ్చి ఆ సిరాను తానే తుడిచింది. ఆ రోజు నుంచి పన్నెండో ఏడు అనే మాట ఆమె నోట రాలేదు, సైకిలు మాత్రం ఇంకో ఏడాది ఆగింది.

ముద్రలు నేను ఒంటరిగా చూసుకోవడం మానేసి, పిల్లతోనూ అత్తయ్యతోనూ కలిసి చూడటం అప్పుడే మొదలైంది. గీత మీద దారం పెట్టి కొలవడం, చెయ్యి ముడిచి మడత ఎక్కడ పడుతుందో చూడటం, భూతద్దం పెట్టి చాళ్లు లెక్కపెట్టడం దానికి ఆటయింది. తొమ్మిదో ఏటి ముద్ర అదే తీసుకుంది. కాగితం కింద గుడ్డ మడిచి పెట్టింది, నానమ్మను మణికట్టు మీద ఒత్తమంది. సిరా ఆరాక అడుగున తేదీ వేసి, పక్కనే నానమ్మ చేతి ముద్ర కూడా తీసింది. డెబ్బై నాలుగేళ్ల ఆ చేతిలో బొటనవేలి గీత రెండు చోట్ల తెగి ఉంది.